సూర్యుడు గుంకితే తేదీ మారిపోతుంది

ఇజ్రాయెల్ ప్రధాని యిట్జాక్ రాబిన్ 1995 నవంబరు 4, శనివారం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో టెల్ అవీవ్‌లో శాంతి సభ ముగించుకుని కారు దగ్గరికి వెళ్తుండగా హంతకుడి తూటాలకు బలయ్యారు. నవంబరు 4కు యూదుల క్యాలెండర్‌లో సరిపోయే తేదీ వెతికితే హెష్వాన్ నెల 11 అని ఉంటుంది. కానీ 1997లో ఇజ్రాయెల్ చేసిన చట్టం ఆయన స్మారక దినాన్ని హెష్వాన్ 12గా నిర్ణయించింది. రెండూ సరైనవే. ఆ సాయంత్రం ఐదు కాకముందే అక్కడ పొద్దుగుంకింది, దాంతోపాటే పన్నెండో తేదీ వచ్చేసింది.

మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. యూదులకు, ముస్లింలకు సూర్యాస్తమయంతో మారుతుంది. బైబిల్ సృష్టి కథలో ప్రతి రోజుకూ సాయంత్రాన్ని ముందు, ఉదయాన్ని తర్వాత చెప్పడాన్ని యూదులు ఆధారంగా చూపుతారు. ఆకాశంలోనూ ఒక కారణముంది. నెలవంక కనబడితేనే కొత్త నెల. సన్నటి ఆ వంక కనిపించేది పడమటి దిక్కున, పొద్దు వాలిన వెంటనే. కాసేపటికే అదీ అస్తమిస్తుంది. నెల మొదలయ్యేదే ఆ సమయంలో అయినప్పుడు, తొలి రోజును మర్నాటి పొద్దుటిదాకా ఎందుకు ఆపాలి? యూదులు ఆనక లెక్కకట్టిన క్యాలెండర్‌కు మారినా ఈ పద్ధతిని మాత్రం వదల్లేదు.

అందుకే రంజాన్ నెలవంక కనబడిన రాత్రే మసీదుల్లో తరావీహ్ నమాజు మొదలవుతుంది. ఉపవాసం మాత్రం తెల్లవారుజాము నుంచి. తారీఖు ముందు, రోజా తర్వాత. షబే ఖదర్ దగ్గర చాలామంది తికమకపడతారు. 2025లో మన దేశంలో మార్చి 1 సాయంత్రం నెలవంక కనబడింది, 2న తొలి రోజా. ఆ లెక్కన 26వ రోజా మార్చి 27న. ఆ పొద్దు ఇఫ్తార్ అయ్యాక వచ్చిన రాత్రే రంజాన్ 27వ రాత్రి. ఇరవై ఏడో రోజా ముగిశాక జాగరణకు కూర్చుంటే రాత్రి దాటిపోయినట్టే.

మరి సూర్యుడు దిగి, చీకటి పూర్తిగా పడని ఆ కాసేపూ ఏ తేదీ? యూదు ధర్మశాస్త్రం దాన్ని సందిగ్ధ సమయంగానే ఉంచింది. అందుకే జాగ్రత్తగా రెండు వైపులా కొంచెం కలుపుకుంటారు: శుక్రవారం పొద్దు వాలకముందే సబ్బాతు దీపాలు వెలిగిస్తారు, శనివారం మూడు నక్షత్రాలు కనబడేదాకా సబ్బాతు విడవరు. వర్ధంతికి వెలిగించే దీపం కూడా క్యాలెండర్‌లో కనిపించే తేదీకి ముందురోజు సాయంత్రమే వెలుగుతుంది. 2024లో హెష్వాన్ 12 నవంబరు 13న పడింది, కానీ ఆ రోజు మొదలైంది 12 సాయంత్రం.

కాబట్టి పుట్టిన రోజో, పోయిన రోజో ఈ క్యాలెండర్లలోకి మార్చాలంటే తేదీ ఒక్కటే చాలదు, గంట కూడా కావాలి. ఆ ఊళ్లో అప్పటికి పొద్దుగుంకి ఉంటే ఒక రోజు కలపండి.