ఇంటర్న్‌షిప్ రిపోర్టు: మార్కు దేనికి పడుతోంది?

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2020-21 నాటి సిలబస్ మార్పుతో పది నెలల ఇంటర్న్‌షిప్ చదువులో భాగమైంది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక మరో రెండు నెలలు ఏదైనా సంస్థలో పని, ఆ తర్వాత ఒక సెమిస్టర్ మొత్తం బయటే. ప్రతి దశలోనూ విద్యార్థి రోజువారీ లాగ్‌బుక్ రాయాలి, చివర్లో రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టులు కట్టలు కట్టలుగా లెక్చరర్ల బల్లల మీదికి వస్తాయి. వాటిని దిద్దడం జవాబు పత్రం దిద్దినట్టు కాదు. అందరికీ ఒకే ప్రశ్న ఉండదు, పక్కన పెట్టి పోల్చుకోవడానికి సరైన జవాబూ ఉండదు. ఒకడు ట్యాక్స్ ప్రాక్టీషనర్ దగ్గర కూర్చున్నాడు, ఇంకొకడు పాల డెయిరీలో, మరొకామె మండల ఆఫీసులో. వీళ్లందరినీ ఒకే కొలతతో చూడాలంటే కొలత ఏమిటో ముందే రాసి పెట్టుకోవాలి. ఏ అంశానికి ఎన్ని మార్కులు, ఎలాంటి రాతకు ఏ మెట్టు అని రాసుకున్న ఆ పట్టికనే రూబ్రిక్ అంటారు.

చాలా కాలేజీల్లో రూబ్రిక్ పేరుతో ఉన్నది నిజానికి ఒక చెక్‌లిస్టు. సర్టిఫికెట్ ఉందా, సంస్థ పరిచయం ఉందా, ముగింపు ఉందా, బైండింగ్ చేయించాడా అని టిక్కులు పెట్టుకుంటూ పోవడమే. అన్నీ ఉంటే మంచి మార్కులు. అక్కడ పని నేర్చుకున్నాడా లేదా అన్న ప్రశ్న ఏ గడిలోనూ ఉండదు. అందుకే విద్యార్థులు కూడా నలభై పేజీల్లో ఇరవై పేజీలు సంస్థ చరిత్రతో నింపుతారు. మనం అడిగింది అదే కాబట్టి వాళ్లు ఇస్తున్నదీ అదే.

నేను చెప్పదలచుకున్న రూబ్రిక్‌లో మూడే అంశాలు. పనిలో నేర్చుకున్నదానికి 40, ఆ అనుభవం మీద తిరిగి ఆలోచించినదానికి 35, వృత్తికి తగినట్టు రాసినదానికి 25. అంకెలు అటూఇటూ మార్చుకోవచ్చు. మారకూడనిది ఒకటుంది: మూడు అంశాలూ రిపోర్టులో మూడు వేర్వేరు ఆధారాలను వెతకాలి. అలా కాకపోతే చక్కటి ఇంగ్లిష్ ఒక్కటే మూడు గడుల్లోనూ మార్కులు తెచ్చిపెడుతుంది. ఒక మంచి లక్షణం చూడగానే మిగతావన్నీ మంచివేనని అనుకునే ఈ బలహీనతను ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే గుర్తించాడు. మన దగ్గర దాని దెబ్బ ఎక్కువగా తెలుగు మీడియం పిల్లల మీద పడుతుంది.

ఉదాహరణకు బి.కాం. విద్యార్థులు ఇద్దరున్నారనుకుందాం. ఇద్దరూ ట్యాక్స్ ప్రాక్టీషనర్ల ఆఫీసుల్లో పనిచేశారు, రిపోర్టులు ఇంగ్లిష్‌లో రాశారు.

మొదటి రిపోర్టు చూడముచ్చటగా ఉంటుంది. జీఎస్టీ ఎప్పుడొచ్చింది, ఎన్ని రకాల రిటర్నులున్నాయి, ఆఫీసు ఎప్పుడు మొదలైంది, అన్నీ తప్పుల్లేకుండా రాశాడు, సమాచారం ఎక్కడిదో కూడా చెప్పాడు. తన పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం రిటర్నులు వేయడంలో సాయం చేశాననీ, పని ఒత్తిడిని తట్టుకోవడం, సమయపాలన నేర్చుకున్నాననీ రెండు పేరాల్లో ముగించాడు.

రెండో రిపోర్టులో వ్యాకరణం తడబడుతుంది, పేరాలు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతాయి. కానీ అందులో ఒక సంఘటన ఉంది. ఒక హార్డ్‌వేర్ షాపు జనవరి కొనుగోలు రిజిస్టర్‌ను జీఎస్టీ పోర్టల్ నుంచి దించుకున్న 2బి స్టేట్‌మెంట్‌తో సరిచూసే పని అతనికిచ్చారు. అమ్మినవాళ్లు తమ రిటర్నులో చూపించిన బిల్లులే కొన్నవాళ్ల 2బిలో కనిపిస్తాయి. అందులో కనిపిస్తేనే ఆ బిల్లు మీద కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవడం కుదురుతుంది. 48,000 రూపాయల సరుకు, దాని మీద 18 శాతం చొప్పున 8,640 రూపాయల పన్ను ఉన్న ఒక బిల్లు రిజిస్టర్‌లో ఉంది, 2బిలో లేదు. సప్లయర్ రిటర్ను ఎగ్గొట్టాడని ఇతను నోట్ రాసి పెట్టాడు. సీనియర్ చూసి, అతను నెలనెలా వేసేవాడా, మూడు నెలలకోసారి వేసేవాడా చూశావా అని అడిగాడు. చూస్తే మూడు నెలలకోసారి వేసే పద్ధతిలో ఉన్నాడు. ఏటా 5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉంది. మొదటి రెండు నెలల బిల్లులను విడిగా అప్‌లోడ్ చేసుకునే వీలున్నా అతను చేయలేదు. కాబట్టి ఆ జనవరి బిల్లు ఏప్రిల్‌లో గానీ కనిపించదు. సప్లయర్ తప్పేమీ లేదు, అంతవరకు క్రెడిట్ ఆగుతుంది, అంతే. ఆ తర్వాత ఈ కుర్రాడు తన ఎక్సెల్ షీట్‌లో ప్రతి సప్లయర్ పక్కనా నెలవారీనా, త్రైమాసికమా అని ఒక కాలమ్ చేర్చాడు. ఆ షీట్ కాపీని రిపోర్టుకు జత చేశాడు.

ఇప్పుడు గడులు నింపుదాం. పనిలో నేర్చుకున్నదానికి నాలుగు మెట్లు. చేసిన పనుల పేర్లు మాత్రమే చెబితే 10 దాకా. ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేశారో చెబితే 20 దాకా. అలాగే ఎందుకు చేయాలో, వెనకున్న నియమమేమిటో కూడా చెబితే 30 దాకా. మామూలుగా జరగాల్సింది జరగనప్పుడు ఏం చేశారో ఆధారంతో చూపిస్తే 40 దాకా. మొదటి విద్యార్థి నియమాలు బాగా రాశాడు గానీ అవి పుస్తకంలోంచి వచ్చినవి. తన చేతి పనికి ముడిపడలేదు కాబట్టి రెండో మెట్టు కూడా పూర్తిగా ఎక్కలేదు: 14. రెండో విద్యార్థి నాలుగో మెట్టు మీద ఉన్నాడు, కానీ తేడాల్లో ఒక్క రకాన్నే పట్టుకున్నాడు. పన్ను రేటు తప్పు పడటం, జీఎస్టీ నంబరు తప్పు పడటం లాంటివి చూడలేదు: 34.

తిరిగి ఆలోచించడం అన్న అంశం దగ్గరే లెక్చరర్లు ఎక్కువగా తికమకపడతారు. గ్రాహం గిబ్స్ 1988లో చెప్పిన పద్ధతి చాలా చోట్ల వాడుకలో ఉంది. ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగులేదు, ఎందుకలా అయింది, ఇంకేం చేసి ఉండొచ్చు, ఈసారి ఏం చేస్తాను అనే ఆరు ప్రశ్నలు అవి. ఈ ఆరింటినీ శీర్షికలుగా ఇచ్చేస్తే మాత్రం పిల్లలు ప్రతిదానికీ మూడు వాక్యాలు రాసి చేతులు దులుపుకుంటారు. మార్కు వేసేటప్పుడు నేను రెండే వెతుకుతాను. విద్యార్థి ముందు ఏమనుకున్నాడు, అది ఎందుకు నిలబడలేదు? దానివల్ల అతని పని తీరులో ఏం మారింది? రెండో కుర్రాడి దగ్గర రెండింటికీ జవాబుంది. బిల్లు కనిపించకపోతే సప్లయర్‌దే తప్పని అనుకున్నాడు, ఆ ఊహ ఎక్కడ తప్పిందో చెప్పాడు, కొత్త కాలమ్ చేర్చాడు. ఆ కాలమ్ తర్వాతి నెలలో పనికొచ్చిందో లేదో మాత్రం రాయలేదు. అందుకని 35కు 28.

మొదటి రిపోర్టులోని సమయపాలన వాక్యానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఆ వాక్యంలో ట్యాక్స్ ఆఫీసు తీసేసి డెయిరీ అని పెట్టి చూడండి, వాక్యం చెక్కుచెదరదు. ఎక్కడ పెట్టినా సరిపోయే వాక్యం అక్కడి అనుభవంలోంచి పుట్టింది కాదు. దానికి 8 మించి ఇవ్వలేం. ఇక్కడ ఇంకో జాగ్రత్త అవసరం. తప్పు ఒప్పుకున్నవాళ్లకు, కన్నీళ్లు పెట్టుకున్నానని రాసినవాళ్లకు మార్కులు ఎక్కువ పడతాయని తెలిస్తే మరుసటి ఏడాది అందరూ అలాగే రాస్తారు. భావోద్వేగానికి మార్కు లేదు. ఆలోచన మారిన తీరుకే మార్కు. అనుమానం వస్తే లాగ్‌బుక్ తిరగేయండి. సంఘటన జరిగిందన్న తేదీన అందులో ఏదో ఒక ఆనవాలు ఉండాలి. వైవాలో ఆ షీట్ ముందు పెట్టి, ఈ కాలమ్ ఎందుకని అడిగితే చేసినవాడు రెండు నిమిషాల్లో చెబుతాడు.

రాతకు ఇచ్చిన 25లో భాషా దోషాలకు 8 మాత్రమే ఉంచాను. అమరికకు 8. మిగిలిన 9 పట్టికలకు, జత చేసిన ఆధారాలకు, గోప్యతకు. గోప్యత సంగతి మన రూబ్రిక్‌లలో దాదాపు కనిపించదు, కానీ వృత్తిలో అది వ్యాకరణం కంటే పెద్ద విషయం. రెండో విద్యార్థి జత చేసిన షీట్‌లో షాపు పేరు, పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు, బిల్లు మొత్తాలు అన్నీ కనిపిస్తున్నాయి. క్లయింటు లెక్కలు కాలేజీ లైబ్రరీకి చేరాయన్నమాట. పేరు బదులు షాపు-ఎ అని రాసి, నంబరు కప్పేసి ఉండాల్సింది. అందుకే అతనికి ఈ భాగంలో 4, అమరికకు 5, భాషకు 4, కలిపి 13. మొదటి విద్యార్థికి అమరిక 8, భాష 7, సొంత పని ఆధారాలు లేనందున 6, మొత్తం 21.

మొదటి రిపోర్టుకు 43, రెండోదానికి 75. ఒక్క చూపులో మార్కు వేసి ఉంటే ఈ వరుస తారుమారయ్యేది. అయినా రాతకు ఐదో పదో చాలు అని నేను అనను. ఉద్యోగంలో ఆ కుర్రాడు క్లయింటుకు ఉత్తరం రాయాలి, అధికారి నోటీసుకు జవాబు రాయాలి. 25లో 13 అన్నది అతనికి తెలియాల్సిన సంగతే. పక్కన 34 కూడా కనబడుతుంది కాబట్టి ఎక్కడ బలం ఉంది, ఎక్కడ లేదు అన్నది విడివిడిగా తెలుస్తుంది.

పట్టిక ఎంత బాగున్నా దిద్దే తీరు పాతదే అయితే ఫలితం ఉండదు. ఒక రిపోర్టుకు మూడు గడులూ వరుసగా నింపకుండా, ముందు అన్ని రిపోర్టులకూ పని గడి నింపండి, తర్వాత మొదటి నుంచి ఆలోచన గడి, చివర్లో రాత గడి. కొంచెం సమయం ఎక్కువ పడుతుంది గానీ ఒక గడి రంగు ఇంకో గడికి అంటుకోవడం బాగా తగ్గుతుంది. అసలు దిద్దడం మొదలుపెట్టే ముందు ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు అవే మూడు రిపోర్టులకు విడివిడిగా మార్కులు వేసి పోల్చుకోవాలి. ఒకరు రెండో మెట్టు, ఇంకొకరు నాలుగో మెట్టు వేశారంటే మెట్ల వివరణలోనే స్పష్టత లేదని అర్థం, దాన్ని తిరగరాయాలి. ఈ పట్టిక విద్యార్థి చేతికి ఇంటర్న్‌షిప్‌కు బయలుదేరే ముందే అందాలి. చివర్లో చూపిస్తే, సప్లయర్ ఎగ్గొట్టాడని రాసుకున్న ఆ మొదటి నోట్‌ను ఎవరూ దాచి ఉంచరు.

ఒక చిక్కు మిగిలే ఉంటుంది. కొందరు పిల్లలను ఆఫీసువాళ్లు జిరాక్సులకూ టీలకూ పంపిస్తారు. అసలైన పని చేతికివ్వరు. అలాంటివాడు నాలుగో మెట్టు ఎలా ఎక్కుతాడు? మెట్ల వివరణలో 'చేసిన పని' అని కాకుండా 'చేసిన లేదా దగ్గరుండి చూసిన పని' అని రాస్తే కొంత న్యాయం జరుగుతుంది. జిరాక్సు తీసిన కాగితాలు ఏ బల్ల నుంచి ఏ బల్లకు వెళ్తున్నాయి, ఎక్కడ ఎన్ని రోజులు ఆగుతున్నాయి, ఎందుకు ఆగుతున్నాయి అని గమనించి రాసినవాడికి 30 దాకా వేయవచ్చు. అంతకు మించి వేయడం కష్టమే. ఆ లోటు విద్యార్థిది కాదు కాబట్టి దాన్ని నెల తర్వాత రిపోర్టులో కాక, మొదటి రెండు వారాల లాగ్‌బుక్‌లోనే గైడ్ లెక్చరర్ పట్టుకుని ఆఫీసుతో మాట్లాడాలి.