సీఎస్‌ఆర్ ఫిల్మ్ యాడ్‌లా అనిపించకూడదంటే స్క్రిప్ట్ ఎలా రాయాలి?

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ ఉన్న ఒక ఊళ్లో ఏదో కంపెనీ ఆర్‌ఓ వాటర్ ప్లాంట్ పెట్టింది అనుకుందాం. దాని మీద మూడు నిమిషాల ఫిల్మ్‌కి మనం స్క్రిప్ట్ రాయాలి.

మామూలుగా ఏం రాస్తారు? రిబ్బన్ కటింగ్, డ్రోన్ షాట్, కాళ్లు వంకరపోయిన తాత, "కంపెనీ మా బతుకు మార్చింది" అనే డైలాగ్. ఇది యాడే, పైగా నిజం కాదు. ఫ్లోరోసిస్‌తో వంగిన ఎముకలు మంచినీళ్లు తాగితే నిటారుగా అయిపోవు. లాభం ఇప్పుడు ఎదుగుతున్న పిల్లలకి.

అందుకే నేనైతే ఒక ఇంటి వంటగదిలోకి వెళ్లి అడుగుతా: "అమ్మా, వంట ఏ నీళ్లతో చేస్తున్నారు?" తాగడానికి ప్లాంట్ నీళ్లు, వంటకి బోరు నీళ్లు వాడితే అన్నం, పప్పుతో ఫ్లోరైడ్ ఒంట్లోకి వెళ్తూనే ఉంటుంది. మరిగించినా పోదు.

ఆమె "రెండో క్యాన్ మోయలేక బోరు నీళ్లే పోస్తున్నా" అంటే ఆ మాట కట్ చేయొద్దు. నెక్స్ట్ సీన్‌లో దానికి కంపెనీ ఏం చేసిందో చూపించండి. ఇంకా ఏం చేయకపోతే అదే చెప్పండి. లోగో చివర్లో ఒక్కసారి చాలు.

చివరి చెక్: కంపెనీ పేరు తీసేసి స్క్రిప్ట్ చదవండి. అప్పుడూ ఆ ఇంటి కథ అర్థమైతే షూట్‌కి వెళ్లొచ్చు.