కోల్డ్ స్టోరేజీలో మిర్చి, బ్యాంకులో బకాయి

గుంటూరు: ధర పెరుగుతుందని మిర్చిని కోల్డ్ స్టోరేజీలో నిలవ ఉంచే రైతు, ఆ లోగా పంట రుణం గడువు దాటిపోతే మరొక విధంగా నష్టపోవలసి వస్తున్నది. అది సిబిల్ స్కోరు. 300 నుంచి 900 వరకు ఉండే ఈ అంకెను బ్యాంకులు పంపే ఖాతా వివరాలనుబట్టి కడతారు.

ఉదాహరణకు ఒక రైతు 2 లక్షల పంట రుణాన్ని గడువు దాటిన 95 రోజులకు, సరుకు అమ్మి చెల్లించాడనుకుందాం. సకాలంలో కట్టినవారికి దక్కే 3 శాతం వడ్డీ ప్రోత్సాహకం, అంటే ఏడాదికి 6 వేల రూపాయలు, అతనికి పోయినట్లే. అంతటితో తీరలేదు. ఎన్ని రోజులు ఆలస్యమైనదీ నివేదికలో నెలవారీగా నమోదవుతుంది. బాకీ తీరినా ఆ గుర్తు 36 నెలల చరిత్రలో కనిపిస్తూనే ఉంటుంది. మరుసటి ఏడు ట్రాక్టరు రుణానికి వెళితే బ్యాంకు చూసేది ఆ వరుసనే. 30 రోజుల జాప్యంకంటే 90 దాటినది చాలా బరువు. గడువుకు ముందే కొంత సరుకు అమ్ముకోవడమో, స్టోరేజీ బాండుపై రుణం తీసుకుని పాత బాకీ కట్టడమో మేలు.

క్రెడిట్ కార్డు సంగతి వేరు. 50 వేల పరిమితిలో 45 వేలు వాడితే, గడువులో కట్టేవారికి సైతం 90 శాతం వినియోగం నమోదై స్కోరు తగ్గవచ్చు. అయితే బాకీ తగ్గిన వివరాలు చేరగానే ఇది కోలుకుంటుంది. జాప్యం గుర్తు అంత త్వరగా చెరగదు.

కమీషన్ వ్యాపారి అప్పు ఎంత సక్రమంగా తీర్చినా, ఆ పద్దు సిబిల్‌కు చేరదు గనుక స్కోరుకు కలిసిరాదు. ఏటా ఒకసారి నివేదికను ఉచితంగా పొందవచ్చు. తీరిన రుణం అందులో ఇంకా బకాయిగానే ఉంటే, చెల్లింపు రసీదుతో బ్యాంకుకు, సిబిల్‌కు ఫిర్యాదు చేయాలి.