ప్యానెల్ డిస్కషన్ నడపాలా? ముందు గడియారం రాసుకోండి

ఈ ఎపిసోడ్‌లో మోడరేటర్ చేతిలో ఉండాల్సిన ఒక పేజీ కాగితం గురించి మాట్లాడుకుందాం.

మన కార్ఖానా టాపిక్‌నే తీసుకుందాం. జేబీఎస్ దగ్గర్నుంచి శామీర్‌పేట దాకా రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్‌కి 2024 మార్చి 7న శంకుస్థాపన జరిగింది కదా. దాని మీద కార్ఖానాలో గంటసేపు చర్చ పెడుతున్నాం అనుకోండి. ప్యానెల్‌లో నలుగురు: కంటోన్మెంట్ బోర్డు అధికారి, రోడ్డు పక్క షాపు ఓనర్, కాలనీవాసి, ట్రాఫిక్ ఇంజనీర్.

ముందు లెక్క చూడండి. ఒక ప్రశ్న నలుగురినీ అడిగితే, తలా రెండు నిమిషాలు, మైకు చేతులు మారడం కలిపి పది నిమిషాలు పోతాయి. ఇలాంటివి మూడు అడిగితే అరగంట అయిపోయినట్టే. అందుకే అందరికీ కామన్ ప్రశ్న ఒక్కటే ఉంచండి. మిగతావన్నీ ఒక్కొక్కరి పేరు మీద రాసుకోండి.

టైమ్‌ని చివరి నుంచి వెనక్కి వేసుకుంటూ రండి. ఎందుకంటే ఆలస్యమైతే మొదట కోత పడేది జనం ప్రశ్నలకే. "పది నిమిషాలు" అని కాకుండా గడియారం టైమే రాయండి. మధ్యలో కూడికలు చేసే తీరిక ఉండదు.

6:00 పరిచయం
6:04 అందరికీ ఒకే ప్రశ్న
6:14 షాపులు, స్థలాలు
6:26 పనులు జరిగేటప్పుడు ట్రాఫిక్
6:36 జనం ప్రశ్నలు
6:55 తలా ఒక నిమిషం ముగింపు
7:00 క్లోజ్

జనం ప్రశ్నకి అర నిమిషం, జవాబుకి నిమిషంన్నర ఇస్తే, ఆ 19 నిమిషాల్లో తొమ్మిది ప్రశ్నలు పడతాయి. ఒక్కో ప్రశ్నకి ఒక్కరే జవాబు చెప్తేనే సుమా.

ఇక ప్రశ్నలు. "ఫ్లైఓవర్ మంచిదేనా?" అంటే ఉపన్యాసం మొదలవుతుంది. ఇంజనీర్‌ని ఇలా అడగండి: "పిల్లర్లు వేసే రోజుల్లో జేబీఎస్ నుంచి తిరుమలగిరి వెళ్లే బస్సులు ఎటు తిరుగుతాయి?" ఆయన "పరిశీలిస్తున్నాం" అంటే? దానికి ఫాలో-అప్ ముందే రాసి ఉండాలి: "ఆ నిర్ణయం ఎవరు తీసుకుంటారు, ఎప్పటిలోగా?" షాపు ఓనర్‌కి: "మీ షాపు ముందు ఎన్ని అడుగులు పోతాయని మీకు చెప్పారు?" ఒక్కో ప్రశ్నలో ఒక్క విషయమే ఉండాలి. రెండు కలిపితే, తేలికైనదానికే జవాబిచ్చి తప్పించుకుంటారు.

ప్రతి భాగంలో తప్పక అడగాల్సిన ప్రశ్నకి స్టార్ పెట్టండి, వదిలేయగలిగినదాన్ని బ్రాకెట్‌లో ఉంచండి. మీటింగ్ 6:10కి మొదలైతే బ్రాకెట్‌లో ఉన్నవి కొట్టేయండి. 6:36 మాత్రం కదలకూడదు.

ఒకరు ఆపకుండా మాట్లాడుతుంటే ఏమనాలో కూడా రాసుకోండి: "సార్, మీరు చెప్పిన నష్టపరిహారం పాయింట్ మీదే అధికారిగారిని అడుగుతాను." ఆయన మాటనే అందుకుని పక్కవాళ్లకి ఇచ్చారు కాబట్టి ఆయనకీ చిన్నతనం అనిపించదు.

చివరగా కాగితాన్ని పైకి చదువుతూ స్టాప్‌వాచ్ పెట్టండి. మీ పరిచయమే ఆరు నిమిషాలు వస్తే, కోత అక్కడి నుంచే మొదలుపెట్టండి.