రావాల్సిన బిల్లు గుర్తుచేసేటప్పుడు

విజయవాడలో ఇంటి నుంచే వెబ్‌సైట్లు తయారుచేసే ఒక అమ్మాయికి జర్మనీలోని ఒక కంపెనీ 1,200 యూరోలు ఇవ్వాల్సి ఉందనుకుందాం. గడువు దాటి రెండు వారాలైంది. "దయచేసి డబ్బు పంపగలరు" అని ఒక్క ముక్క రాస్తే అక్కడ లెక్కలు చూసే ఉద్యోగికి సరిపోదు. ఏ కరెన్సీలో, ఎవరి ఖర్చుతో, ఏ దారిన పంపాలో మళ్లీ అడగక్కర్లేకుండా రాయాలి. ఇలాగన్నమాట:

"మే 15న చెల్లించాల్సిన 27వ నంబరు ఇన్‌వాయిస్, 1,200 యూరోలు, ఇంకా అందలేదు. రూపాయల్లోకి మార్చకుండా యూరోల్లోనే పంపండి. మన ఒప్పందం ప్రకారం ఛార్జీల దగ్గర OUR ఎంచుకోండి. నా ఖాతా వివరాలు, ఇన్‌వాయిస్ జతచేశాను. ఏ తేదీన పంపుతారో తెలపండి."

రూపాయల్లోకి మార్చి పంపితే మారకపు రేటు అక్కడి బ్యాంకుదే అవుతుంది. వచ్చిన మొత్తం ఇన్‌వాయిస్‌తో సరిపోల్చడమూ కష్టమే.

OUR అంటే ఛార్జీలు పంపేవారివి. SHA ఎంచుకుంటే ఎవరి బ్యాంకు ఖర్చు వారిది. కానీ మధ్యలో ఉన్న బ్యాంకు తన రుసుమును వచ్చే డబ్బులోంచే కోసుకోవచ్చు. అప్పుడు 1,200 బదులు 1,178 యూరోలే చేరితే, కంపెనీ పుస్తకాల్లో మాత్రం బిల్లు తీరిపోయినట్టే. అందుకే ఛార్జీల మాట పని ఒప్పుకునేటప్పుడే తేల్చుకుని, ఇన్‌వాయిస్‌లోనూ రాయాలి. గుర్తుచేసే ఉత్తరంలో మొదటిసారి ఎత్తితే గొడవే. OUR ఎంచుకున్నా మన బ్యాంకు తన రుసుము తీసుకోవచ్చు.

ఎక్కువగా తడబడేది దారి దగ్గరే. యూరప్ బ్యాంకులు ఐబాన్ అడుగుతాయి. మన దేశంలో అది లేదు. ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడ్ ఇవ్వాలి. స్విఫ్ట్ గడిలో ఐఎఫ్‌ఎస్‌సీ రాసేస్తే డబ్బు కదలదు. రెండింటినీ పోల్చుకోవడం తేలికే. ఐఎఫ్‌ఎస్‌సీలో ఐదో స్థానంలో సున్నా ఉంటుంది. భారతీయ బ్యాంకు స్విఫ్ట్ కోడ్‌లో ఐదు, ఆరు స్థానాల్లో IN ఉంటుంది.

"పంపేశాం" అని జవాబొస్తే వాదనకు దిగకుండా బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ చెల్లింపు సందేశం కాపీ అడగాలి. అందులోని 36 అక్షరాల యూఈటీఆర్ సంఖ్యతో డబ్బు ఎక్కడ ఆగిందో బ్యాంకు వెతుకుతుంది.

విదేశాల్లో ఉంటూ ఊళ్లోని కుర్రాళ్లకు పని అప్పగించే మన వాళ్లకు ఒక మనవి. అమ్మానాన్నలకు డబ్బు పంపే దారిలో ఆ పని డబ్బులు పంపకండి. అది కుటుంబ అవసరాల కోసం ఏర్పాటైన దారి. ఆ కుర్రాళ్ల సంపాదన సేవల ఎగుమతి కిందికి వస్తుంది. ఆ సంగతి పన్నుల వాళ్లకు చూపడానికి విదేశీ డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం కావాలి. వ్యాపార చెల్లింపుగా, ఇన్‌వాయిస్ నంబరు వేసి పంపండి.