చల్లటి నీళ్ల డ్రాయింగు మీద ఎర్ర కలం

పద్దెనిమిది అంతస్తుల ఆఫీసు భవనం చల్లగా ఉండాలంటే బేస్‌మెంట్‌లో చిల్లర్లు నీళ్లను 7 డిగ్రీలకు చల్లబరచాలి, పంపులు ఆ నీళ్లను పై అంతస్తుల దాకా తోయాలి. ప్రతి అంతస్తులోనూ ఏహెచ్‌యూ అనే పెద్ద పెట్టె ఉంటుంది. దానిలోని రాగి గొట్టాల చుట్టలో చల్లటి నీళ్లు పారుతుంటే ఫ్యాను గాలిని ఆ చుట్ట మీదుగా తోస్తుంది. గదుల్లోని వేడిని మోసుకుని నీళ్లు 12 డిగ్రీలతో తిరిగి కిందికి వస్తాయి. ఈ రాకపోకలన్నీ ఒకే కాగితం మీద చూపించే బొమ్మను స్కీమాటిక్ అంటారు.

దాన్ని గీసేది కన్సల్టెంట్. యజమాని తరఫున ఇంకో ఇంజినీరు దాన్ని గీత గీతనా చూసి, కనబడినవన్నీ ఒక పట్టికలోకి ఎక్కిస్తాడు. దాని పేరు కామెంట్ షీటు. డ్రాయింగు నంబరు, అది ఎన్నో రివిజన్, తప్పు ఏ మూలన ఉంది, ఏమిటా తప్పు, తీవ్రత ఎంత, కన్సల్టెంట్ ఏం చూపించాలి, ఏం జవాబిచ్చారు, అంశం ముగిసిందా లేదా అన్న గళ్లు అందులో ఉంటాయి. తీవ్రతకు ఒక్కో సంస్థ ఒక్కో పద్ధతి వాడుతుంది. ఇక్కడ 1, 2, 3 అనుకుందాం. 1 అంటే ఆ డ్రాయింగుతో ముందుకు పోకూడదు. 2 అంటే వ్యవస్థ నడుస్తుంది గానీ కరెంటో, మెయింటెనెన్సో దెబ్బతింటుంది, పని మొదలయ్యేలోగా సరిచేయాలి. 3 అంటే రాతకోతల తప్పు.

ఈ షీటు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఒక భవనాన్ని తీసుకుని లెక్క చూడాలి. అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. ఇలాంటి పరిస్థితి మాత్రం ఎత్తయిన భవనాల్లో తరచుగా ఎదురయ్యేదే.

బేస్‌మెంట్‌లో మూడు చిల్లర్లు, నేల మట్టానికి 8 మీటర్ల కింద. టెర్రస్ మీద 74 మీటర్ల ఎత్తున ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. నీళ్లు వేడెక్కి వ్యాకోచించినప్పుడు అదనపు నీరు చేరేది, గొట్టాల్లో తగ్గితే మళ్లీ నిండేది ఆ ట్యాంకు నుంచే. దాని గొట్టం కిందికి దిగి, పంపుల ముందున్న రిటర్న్ హెడర్‌కు కలుస్తుంది. పంపులు నీళ్లను చిల్లర్లలోకి తోస్తాయి, అక్కడి నుంచి నీళ్లు పైకి పోతాయి. డ్రాయింగు శుభ్రంగా ఉంది, బాణాలన్నీ సరైన దిక్కునే ఉన్నాయి.

మొదట పట్టుబడింది చాలా చిన్న తేడా. పంపు పక్కన డ్రాయింగులో హెడ్ 23 మీటర్లు అని ఉంది, పరికరాల పట్టికలో 32 మీటర్లు అని ఉంది. ఇలాంటివి చూడగానే తీవ్రత 3 వేసి దాటిపోవాలనిపిస్తుంది, టైపు చేసేటప్పుడు అంకెలు తారుమారయ్యాయని ఎవరైనా అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. రెండు అంకెల్లో ఏది నిజమో తేలే దాకా దానికి తీవ్రత వేయకూడదు, ఎందుకంటే ఆ అంకె మీద ఇంకేం ఆధారపడి ఉందో అప్పటికి తెలియదు.

ఇక్కడ ఆధారపడింది చిల్లర్ గట్టితనం. నీళ్లు నిలబడి ఉన్నా సరే, ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ కింద సుమారు 1 బార్ ఒత్తిడి పడుతుంది. ట్యాంకు నుంచి చిల్లర్ దాకా 74కు 8 కలిపితే 82 మీటర్లు. అంటే పంపు ఆగి ఉన్నప్పుడే చిల్లర్ మీద 8 బార్ ఉంటుంది. దానికి పంపు తోపు కలవాలి. 23 మీటర్లయితే మొత్తం 10.3 బార్, 32 మీటర్లయితే 11.1 బార్. ఏహెచ్‌యూల వాల్వులన్నీ మూసుకుపోతే పంపు ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఈ పంపుకు అప్పుడు 38 మీటర్లు వస్తుందనుకుంటే 11.7 బార్. చిల్లర్ పట్టికలో మాత్రం నీటి పెట్టె ఓర్చుకోగల ఒత్తిడి 10 బార్ అని ఉంది.

స్కీమాటిక్‌ను కొలత ప్రకారం గీయరు. అందులో ఒక అంతస్తూ పద్దెనిమిది అంతస్తులూ ఒకే వేలెడు గీతలో ఇమిడిపోతాయి. అందుకే ప్లాంటు గదికి, పైనున్న ఏహెచ్‌యూకు, ట్యాంకుకు మట్టాలు అంకెల్లో రాయాలని అడుగుతాం. ఈ డ్రాయింగులో అవి లేవు, వేరే భవన నిర్మాణ డ్రాయింగు తెరిచి చూస్తే గానీ 82 మీటర్లు బయటపడలేదు.

కామెంట్ రాసే తీరులోనే సగం పని ఉంది. ‘ప్రెషర్ రేటింగ్ సరిచూడండి’ అని రాస్తే ‘సరిచూశాం’ అని జవాబొస్తుంది. ఈ అంశాన్ని ఇలా రాస్తాం: ‘పంపు హెడ్ డ్రాయింగులో 23 మీటర్లు, పట్టికలో 32 మీటర్లు. ట్యాంకు నుంచి చిల్లర్‌కు 82 మీటర్ల ఎత్తు. పంపు గరిష్ఠ హెడ్ కలిపితే చిల్లర్ మీద 11.7 బార్ దాకా పడుతుంది. పట్టికలో 10 బార్ అని ఉంది. తీవ్రత 1. కావలసిన జవాబు: పంపు హెడ్ లెక్క, వ్యవస్థలో ప్రతి ముఖ్య చోటా ఒత్తిడి ఎంతో చూపే పట్టిక, దానికి సరిపోయే రేటింగులతో మార్చిన పరికరాల పట్టిక, మట్టాలు రాసిన కొత్త రివిజన్.’ ఏం చూశామో, అలాగే వదిలేస్తే ఏమవుతుందో, ఏ కాగితం వస్తే దీన్ని ముగిస్తామో మూడూ అందులోనే ఉన్నాయి. ఏ పరిష్కారం ఎంచుకోవాలో మాత్రం చెప్పలేదు. డిజైను బాధ్యత కన్సల్టెంట్‌దే, రివ్యూ చేసేవాడు దాన్ని తన నెత్తికి ఎత్తుకోకూడదు.

తీవ్రత 1 ఎందుకంటే, చిల్లర్లు డెలివరీకి నెలల ముందే ఆర్డరు చేయాల్సిన వస్తువులు. ఆర్డరుకు ముందైతే 16 బార్ నీటి పెట్టె కావాలని కొంత ఎక్కువ ధరకు తెప్పించుకోవచ్చు. సైటులో దించాక ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు మధ్యలో ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టి పై నీళ్లనూ కింది నీళ్లనూ విడదీయాలి, దానికి ఇంకో వరస పంపులు కావాలి, పైకి పోయే నీళ్లు ఒకటి రెండు డిగ్రీలు వెచ్చబడతాయి. నేను తీవ్రత వేసేటప్పుడు వేసుకునే ప్రశ్నలు రెండే: ఇలాగే వదిలేస్తే ఏమవుతుంది, దిద్దుకునే అవకాశం ఎప్పటి దాకా ఉంది? తప్పు కాగితం మీద ఎంత పెద్దగా కనబడుతోందన్నది లెక్కలోకి రాదు. అన్నిటికీ 1 వేసే రివ్యూవర్లూ ఉన్నారు. దాంతో నిజంగా పని ఆపాల్సిన రెండు అంశాలు ముప్పై ఒకట్ల మధ్య కలిసిపోతాయి, కన్సల్టెంట్ కూడా ఏ ఒక్కదాన్నీ పట్టించుకోవడం మానేస్తాడు.

మొదటి విడత జవాబు చాలాసార్లు ఒకే మాట, ‘గమనించాం’. దానర్థం ఒప్పుకున్నారనా, చదివారనా? అంశం అలాగే తెరిచి ఉంటుంది. రెండో విడతలో ‘అంగీకరిస్తున్నాం, తర్వాతి రివిజన్‌లో మారుస్తాం’ అని వస్తుంది. అది మంచి మాటే, అయినా ముగిసినట్టు కాదు. మారిన డ్రాయింగు చేతికొచ్చి, ఆ మూలన ఆ మార్పు కంటికి కనబడినప్పుడే ‘ముగిసింది’ అని రాసి, ఏ రివిజన్‌లో చూశామో పక్కన నమోదు చేస్తాం.

మన ఉదాహరణలో కన్సల్టెంట్ తెలివైన జవాబే ఇచ్చాడనుకుందాం. హెడ్ 32 మీటర్లే నిజమని లెక్క పంపాడు. పంపులను చిల్లర్ల ముందు నుంచి వెనక్కి జరిపాడు. ఇప్పుడు పంపు చిల్లర్ గుండా నీళ్లను లాగుతుంది. ట్యాంకు కలిసే చోటు చిల్లర్లకు ముందే ఉంది కాబట్టి చిల్లర్ మీద 8 బార్‌కు మించి పడదు, పాత 10 బార్ పెట్టే సరిపోతుంది. అదనపు ఖర్చు దాదాపు లేదు. చిల్లర్ వరకు సమస్య తీరింది. కానీ పంపు దాటాక గొట్టాల్లో 11.7 బార్ దాకా ఇంకా పడుతుంది. కింది అంతస్తుల ఏహెచ్‌యూ చుట్టలు, వాల్వులు, వాటికి బిగించే ఫ్లెక్సిబుల్ గొట్టాలు ఆ ఒత్తిడిని భరించాలి. వాటి రేటింగు పట్టికలో మారలేదు. అందుకే అంశాన్ని రెండుగా చీల్చి, చిల్లర్ భాగాన్ని ముగించి, కింది అంతస్తుల ఫిటింగుల భాగాన్ని కొత్త నంబరుతో తెరిచి ఉంచుతాం. ఒక జవాబు తెచ్చే కొత్త చిక్కును చూడకుండా పాత వరసను కొట్టేయడం ఈ పనిలో తరచుగా జరిగే పొరపాటు.

తీవ్రత 2కు ఒక్క ఉదాహరణ చాలు. ఈ పంపుల వేగం అవసరాన్ని బట్టి మారుతుంది. ఎంత వేగం కావాలో చెప్పేది ఒత్తిడి తేడాను కొలిచే సెన్సర్. డ్రాయింగులో దాన్ని పంపుల పక్కనే పెట్టారు. అక్కడ పెడితే చివరి ఏహెచ్‌యూకు నిండు లోడులో కావలసినంత ఒత్తిడిని రోజంతా పంపు దగ్గరే నిలబెట్టాలి, లోడు తగ్గినా వేగం పెద్దగా తగ్గదు. సెన్సర్‌ను చిట్టచివరి ఏహెచ్‌యూ దగ్గరికి జరిపితే పంపు బాగా నెమ్మదించగలదు. వేగం 70 శాతానికి దిగితే పంపు వాడే కరెంటు సిద్ధాంతం ప్రకారం మూడో వంతుకు పడిపోతుంది. భవనం ఎలాగైనా చల్లగానే ఉంటుంది కాబట్టి ఈ తప్పును వాడేవాళ్లెవరూ కనిపెట్టలేరు. కరెంటు బిల్లు మాత్రం ఏళ్ల తరబడి కడుతూనే ఉంటారు.

చివరిది బైపాస్ గొట్టం. రాత్రి ఆఫీసు ఖాళీ అయ్యాక ఏహెచ్‌యూ వాల్వులు ఒక్కొక్కటే మూసుకుంటాయి, చిల్లర్‌లో ప్రవాహం తగ్గుతుంది. మరీ తగ్గితే చిల్లర్ ట్రిప్ అవుతుంది. రక్షణ సమయానికి పనిచేయకపోతే లోపలి గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి గొట్టం పగలొచ్చు. అలా కాకుండా కొంత నీటిని పైకి పంపకుండానే తిప్పి తెచ్చేది బైపాస్. డ్రాయింగులో అది 50 మిల్లీమీటర్ల గొట్టం. ఒక్కో చిల్లర్‌కు నిండు ప్రవాహం సెకనుకు 50 లీటర్లు. కనీస ప్రవాహం అందులో సగం అనుకున్నా, 25 లీటర్లు ఆ గొట్టంలోంచి పోవాలంటే నీళ్లు సెకనుకు దాదాపు 13 మీటర్ల వేగంతో ఉరకాలి. అది జరిగే పని కాదు. 150 మిల్లీమీటర్లయితే వేగం 1.4 మీటర్లు, అది మామూలు. తీవ్రత 1.

దీనికి కన్సల్టెంట్ జవాబు: ‘బైపాస్ 150 మిల్లీమీటర్లకు మార్చాం. కనీస ప్రవాహం చిల్లర్ కంపెనీ ఖరారయ్యాక నిర్ధారిస్తాం.’ ఇందులో దాచుకున్నదేమీ లేదు. కనీస ప్రవాహం మోడల్‌ను బట్టి మారుతుంది, ఆ మోడల్ ఇంకా ఎంచుకోలేదు. అందుకే ఈ వరసను ముగించకుండా తీవ్రత 1తోనే ఉంచి, స్థితి గడిలో ఇలా రాస్తాం: ‘గొట్టం సైజు రివిజన్ 2లో చూశాం. చిల్లర్ ఆర్డరు ఇచ్చే ముందు కంపెనీ డేటా షీటులోని కనీస ప్రవాహం, దాని ప్రకారం బైపాస్ వాల్వు సైజు లెక్క, ఫ్లో మీటరు చోటు పంపాలి. అవి అందే దాకా తెరిచే ఉంటుంది.’ అదే వాక్యాన్ని కొనుగోలు విభాగం వాళ్ల టెండరు షరతుల్లోకి కూడా ఎక్కిస్తాం. ఆర్డరు మీద సంతకం పెట్టే మనిషి ఈ షీటు తెరిచి చూస్తాడన్న హామీ ఎక్కడా లేదు.