మొదటి ముప్పై సెకన్లలో వెళ్ళిపోయే విద్యార్థి

అరబీలో ‘ఖల్బ్’ అంటే హృదయం, ‘కల్బ్’ అంటే కుక్క. ఖాఫ్ నాలుక మొదలు మెత్తని అంగిలికి తాకినచోట పుడుతుంది. కాఫ్ దానికి కొద్దిగా ముందు పుడుతుంది. తెలుగు మాధ్యమంలో చదివే మన పిల్లలకు ఈ తేడా తొందరగా పట్టుబడదు. ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ముగించుకుని గాజువాకలోని ఇల్లు చేరిన తండ్రికి పిల్లవాణ్ణి మదరసాకు తీసుకుపోయే వేళ మించిపోయి ఉంటుంది. అలాంటి ఇంటికి యూట్యూబ్ పాఠం అక్కరకు వస్తుంది, పిల్లవాడు దాన్ని చివరిదాకా చూస్తే.

చూస్తున్నాడో లేదో ఉస్తాదు ఊహించనక్కరలేదు. యూట్యూబ్ స్టూడియోలో ప్రతి వీడియోకూ Audience retention అనే గీత ఉంటుంది. ఏ క్షణంలో ఎంత శాతం మంది మిగిలి ఉన్నారో అది చూపుతుంది. పన్నెండు నిమిషాల ‘తజ్వీద్ పాఠం – 7’ ఉందనుకుందాం. నూరుమంది తెరిచారు, ముప్పయ్యవ సెకను నాటికి నలభైమందే మిగిలారు. ఆ అరనిమిషంలో ఏముందో చూడండి: ఛానల్ పరిచయం, సబ్‌స్క్రైబ్ చేయమనే విన్నపం, గత పాఠాల ప్రస్తావన. బిస్మిల్లాహ్, సలాం చెప్పడానికి పది సెకన్లు చాలు. వాటిపై నెపం వేయడం న్యాయం కాదు. ఆ వెంటనే ‘ఖల్బ్, కల్బ్’ అని రెండూ పలికి వినిపిస్తే పిల్లవాడు నిలుస్తాడు. ఇప్పటికే పెట్టిన వీడియోను తొలగించనక్కరలేదు. కంప్యూటర్‌లో స్టూడియో ఎడిటర్ తెరిచి అనవసర భాగాన్ని కత్తిరిస్తే లింకూ, వీక్షణల లెక్కా అలాగే ఉంటాయి.

గీత మధ్యలో ఎక్కడైనా పైకి లేస్తే పొంగిపోవద్దు. అక్కడ వెనక్కి జరిపి మళ్ళీ విన్నారని దాని అర్థం. నచ్చి విన్నారో, అర్థంకాక విన్నారో గీత చెప్పదు. ఆ భాగాన్ని మనమే వినాలి. పదిమంది మాత్రమే చూసిన వీడియో గీతను బట్టి అసలు తీర్పే చెప్పరాదు.

ఇక ‘తజ్వీద్ పాఠం – 7’ అనే శీర్షిక వరుస ఎరిగినవారికే పనికొస్తుంది. ‘ఖల్బ్, కల్బ్: ఒక్క అక్షరంతో మారే అర్థం’ అంటే కొత్తవారికీ విషయం తెలుస్తుంది. ఫోనులో పొడవాటి శీర్షిక చివర తెగిపోతుంది కనుక అసలు మాట ముందుండాలి, సంఖ్య చివరికి పోవాలి. థంబ్‌నెయిల్ 1280 × 720 పిక్సెళ్ళలో చేసినా ఫోనులో అది బొటనవేలంతే కనబడుతుంది. మసీదు మినార్లు, పూలు, ఉస్తాదు పటం, నాలుగు వరుసల రాత అన్నీ అందులో ఇరికిస్తే ఏదీ చదవలేం. రెండు అక్షరాలు పెద్దవిగా పెడితే చాలు. కుడివైపు అడుగున యూట్యూబ్ వీడియో నిడివిని చూపుతుంది కనుక ఆ మూలను ఖాళీగా వదలాలి. అయితే థంబ్‌నెయిల్‌లో చూపిన అక్షరాలు పాఠంలో ఎనిమిదో నిమిషానికి గాని రాకపోతే గీత మళ్ళీ మొదట్లోనే కూలుతుంది. శీర్షికలో చేసిన వాగ్దానం ఆలస్యమైతే చూసేవాడు దాన్ని అబద్ధంగానే ఎంచుతాడు.

అందుకే ఆ పన్నెండు నిమిషాలను మూడు వీడియోలుగా విడదీయడం మేలు: ఖాఫ్, కాఫ్, తర్వాత రెండింటి అభ్యాసం. మూడింటినీ ఒకే ప్లేలిస్టులో ఆ వరుసలోనే పెట్టి, దాని సెట్టింగుల్లో official series అని గుర్తిస్తే అవి ఒకదాని వెంట ఒకటి చూడవలసినవని యూట్యూబ్‌కు తెలుస్తుంది. జుమా ప్రసంగాలనూ, రమజాన్ శుభాకాంక్షలనూ అందులో కలపరాదు. వాటికి వేరే ప్లేలిస్టు ఉండాలి. అప్పుడు ఖాఫ్ నేర్చిన పిల్లవాడికి తరువాత వచ్చేది కాఫే అవుతుంది.